కింగ్ ఆఫ్ ఫైటర్స్ 98 నెట్‌ప్లే: పింగ్ బాగానే ఉంది, అయినా పది సెకన్లకోసారి కుదుపు

రాత్రిబండి · శనివారం, రాత్రి 11:20

నేనూ మా బావా రెండు వారాలుగా రెట్రోఆర్చ్‌లో ఎఫ్‌బీనియో కోర్‌తో కింగ్ ఆఫ్ ఫైటర్స్ 98 ఆన్‌లైన్‌లో ఆడుతున్నాం. హోస్ట్ నేనే. నాది 144 హెర్ట్జ్ తెర ఉన్న ల్యాప్‌టాప్, బావది మామూలు 60 హెర్ట్జ్ మానిటర్ ఉన్న డెస్క్‌టాప్. మధ్యలో పింగ్ 60 నుంచి 68 మిల్లీసెకన్లు ఉంటోంది, ఎప్పుడు చూసినా దాదాపు అంతే. Input Latency Frames సున్నాలోనే ఉంది, దాన్ని ఇంతవరకు ముట్టుకోలేదు.

రెండు బాధలున్నాయి. మొదటిది, సుమారు పది సెకన్లకోసారి ఆట ఒక్క క్షణం ఆగి కదులుతుంది. నాకు ఆగినట్టు కనిపిస్తుంది. బావకి మాత్రం బొమ్మ చిన్నగా గెంతుతుంది. ఒకట్రెండు సార్లు లైఫ్ బార్ తగ్గి మళ్ళీ పెరిగిందని కూడా అన్నాడు. రెండోది, నా క్యారెక్టర్ పరుగెత్తినప్పుడల్లా ఒక చోట మాయమై ఇంకో చోట తేలుతోందని బావ గోల. నా తెర మీద మాత్రం బావ క్యారెక్టర్ చక్కగా, సాఫీగా కదులుతుంది. ఒకే ఆట, ఒకే లైను, ఒకరికి బాగుండి ఇంకొకరికి బాగోకపోవడం ఎలా సాధ్యం? సెట్టింగుల్లో ఏం కలపాలి?

బటన్_రాజా · రాత్రి 11:34

బ్రో, ఇది సింపుల్. ఒక ఫ్రేమ్ అంటే సుమారు 16 మిల్లీసెకన్లు. నీ పింగ్ 64. భాగిస్తే 4. Input Latency Frames ఇద్దరూ 4 పెట్టండి. ఎవరికీ ఏమీ ఎగరదు. సున్నాలో పెట్టి ఆడితే ఎగరక ఏం చేస్తుంది?

పాతక్యాబినెట్ · రాత్రి 11:41

నాకూ ఇదే సమస్య. టెక్కెన్ 3, ప్లేస్టేషన్ కోర్. తమ్ముడితో ఆడితే మొత్తం నీళ్ళలో నడిచినట్టు నెమ్మదిగా ఉంటుంది, సౌండ్ ముక్కలు ముక్కలుగా వస్తుంది. కంట్రోలర్ మారిస్తే తగ్గుతుందా?

రాత్రిబండి · ఆదివారం, మధ్యాహ్నం 12:15

రాజా బ్రో, 4 పెట్టి పది మ్యాచ్‌లు ఆడాం. బావకి నా క్యారెక్టర్ ఎగరడం చాలా తగ్గింది, నిజమే. కానీ పది సెకన్ల కుదుపు అలాగే ఉంది, ఒక్క ఇంచు మారలేదు. పైగా చేతికి బరువు వచ్చేసింది. ఎదుటివాడు చిన్న హాప్ వేసి వస్తుంటే చూసి కొట్టేవాడిని, ఇప్పుడు నా దెబ్బ బయటికి వచ్చేసరికి అతను మీద పడిపోతున్నాడు. ఇలా అయితే ఆడను.

ఫ్రేమ్‌లెక్క · మధ్యాహ్నం 2:05

రాత్రిబండి గారూ, మీవి రెండు వేర్వేరు జబ్బులు. ఒకే మందు వేస్తే కుదరదు. ముందుగా 4 సంగతి చెప్తాను, ఎందుకంటే రాజా గారి లెక్క సగం సరైనది.

పింగ్ అంటే వెళ్ళి తిరిగి వచ్చే టైమ్. కానీ మీరు నొక్కిన బటన్ బావ దగ్గరికి వెళితే చాలు, తిరిగి రావాల్సిన పని లేదు. కాబట్టి లెక్కలోకి రావాల్సింది 64 కాదు, అందులో సగం, 32. ఈ ఆట నడిచే నియో జియో బోర్డు సెకనుకు 59.185 ఫ్రేములు నడుస్తుంది, ఒక్కో ఫ్రేమ్ 16.9 మిల్లీసెకన్లు. 32ని దానితో భాగిస్తే 1.9. అంటే దారి మొత్తం రెండు ఫ్రేముల లోపే.

Input Latency Frames, అంటే ఇన్‌పుట్ డీలే, 2 పెడితే ఏం జరుగుతుందంటే, మీరు ఇప్పుడు నొక్కిన బటన్ మీద "ఇది రెండు ఫ్రేముల తర్వాత వాడాలి" అని ముద్ర వేసి వెంటనే పంపేస్తుంది. ఆ రెండు ఫ్రేముల గడువులో అది బావ ఇంటికి చేరిపోతే అక్కడ రోల్‌బ్యాక్ జరగాల్సిన అవసరమే లేదు. డీలే 1 పెడితే ఒక ఫ్రేమ్ ఆలస్యంగా చేరుతుంది, బావ మెషీన్ ఒక ఫ్రేమ్ వెనక్కి వెళ్ళి సరిచేసుకుని ముందుకు వస్తుంది. ఒక ఫ్రేమ్ రోల్‌బ్యాక్‌ని కంటితో పట్టుకోవడం కష్టం. 4 పెట్టడం అంటే రోల్‌బ్యాక్‌ని మొత్తం పక్కన పెట్టి, పాతకాలం డీలే నెట్‌కోడ్‌లా ఆడుతున్నట్టే. 68 మిల్లీసెకన్లు మీ చేతి మీద ఊరికే వేసుకున్నారు. 1 గానీ 2 గానీ పెట్టండి, ఇద్దరూ ఒకే అంకె పెట్టండి.

ఇక కుదుపు. దీనికి ఒక పరీక్ష చేయండి. మ్యాచ్ మొదలుపెట్టి ఇద్దరూ కంట్రోలర్ కింద పెట్టేయండి. టైమర్ అయిపోయే దాకా ఏమీ నొక్కకండి. అవతలివారి బటన్ ఇంకా రానప్పుడు ఎమ్యులేటర్ చేసే ఊహ ఒక్కటే: ఇందాక ఏది నొక్కి ఉన్నారో ఇప్పుడూ అదే నొక్కి ఉన్నారు. ఎవరూ ఏమీ నొక్కకపోతే ఆ ఊహ ఎప్పుడూ తప్పదు. ఊహ తప్పకపోతే రోల్‌బ్యాక్ కంటికి కనిపించదు. అలా వదిలేసినప్పుడు కూడా కుదుపు వస్తే దానికి డీలేతో సంబంధం లేదు, ఎంత పెంచినా తగ్గదు. చేసి చెప్పండి. కుదుపుకీ కుదుపుకీ మధ్య ఎన్ని సెకన్లో ఫోన్ స్టాప్‌వాచ్‌తో కొలవండి.

బటన్_రాజా · మధ్యాహ్నం 2:30

సగం సంగతి నిజమే, ఒప్పుకుంటాను. కానీ వైఫై మీద పింగ్ ఒక్కోసారి పైకి లేస్తుంది కదా? అందుకే నేను ఎప్పుడూ కాస్త ఎక్కువే పెడతాను. అప్పుడప్పుడు ఎగిరే క్యారెక్టర్ కంటే, ఎప్పుడూ ఒకేలా ఉండే డీలే చేతికి అలవాటు అవుతుంది.

ఫ్రేమ్‌లెక్క · మధ్యాహ్నం 2:41

అది ఇష్టాన్ని బట్టి ఉంటుంది, తప్పు అనను. ఎప్పుడో ఒకసారి లేచే పింగ్ కోసం ప్రతి ఫ్రేమూ పన్ను కట్టడం నాకు నచ్చదు, అంతే.

పాతక్యాబినెట్ గారూ, మీది వేరే సమస్య. కంట్రోలర్‌కి సంబంధం లేదు. మూడు ఫ్రేములు రోల్‌బ్యాక్ అయితే మెషీన్ ఆ మూడూ మళ్ళీ నడిపి, నాలుగోదీ నడిపి, అంతా ఒక్క ఫ్రేమ్ టైమ్‌లో ముగించాలి. నియో జియో ఆటకి పాత ప్రాసెసర్ కూడా చాలు. ప్లేస్టేషన్ కోర్ దానికంటే చాలా బరువు, స్టేట్ కూడా పెద్దది. మీ ఇద్దరిలో ఒకరి మెషీన్ ఆ పని అందుకోలేక నెమ్మదిస్తోంది, రెండోది దాని కోసం ఆగుతోంది. అందుకే ఇద్దరికీ నీళ్ళలో నడిచినట్టు ఉంటుంది. మీ విషయంలో డీలే పెంచడమే మేలు, ఎందుకంటే మళ్ళీ నడపాల్సిన ఫ్రేములు తగ్గుతాయి. ఇంటర్నల్ రిజల్యూషన్ పెంచి ఉంటే దాన్ని మామూలు స్థాయికి తెచ్చి చూడండి.

నీలిమ_ఎన్ · సాయంత్రం 4:10

చిన్న ప్రశ్న. నాకు హోస్ట్ చేయడమే కుదరడం లేదు. రూటర్‌లో 55435 పోర్టు తెరిచాను, అయినా మా అక్క కనెక్ట్ కాలేకపోతోంది. రిలే సర్వర్ ఆన్ చేస్తే కనెక్ట్ అవుతుంది కానీ ఆట బాగోదు.

ఫ్రేమ్‌లెక్క · సాయంత్రం 4:32

నీలిమ గారూ, రూటర్‌లో కనిపించే బయటి ఐపీనీ, ఏదైనా "నా ఐపీ ఏమిటి" సైట్ చూపించే ఐపీనీ పోల్చండి. రెండూ వేరైతే ఒకే బయటి ఐపీని మీ ప్రొవైడర్ చాలామందికి పంచుతున్నట్టు. అప్పుడు మీరు రూటర్‌లో ఏం తెరిచినా బయటి తలుపు మూసే ఉంటుంది. అక్కగారిని హోస్ట్ చేయమనండి. చేరేవాళ్ళకి పోర్టు తెరవాల్సిన పని లేదు. ఎవరు హోస్ట్ అయినా మీ ఇద్దరి మధ్య దూరం మారదు.

రిలేలో బటన్ ముందు సర్వర్‌కి వెళ్ళి అక్కడి నుంచి అవతలికి వెళ్తుంది. సర్వర్ దూరంగా ఉంటే పింగ్ రెండింతలు కూడా కావచ్చు. అది ఆఖరి దారి.

నీలిమ_ఎన్ · సాయంత్రం 5:05

రెండు ఐపీలూ వేరుగానే ఉన్నాయి. అక్క హోస్ట్ చేసింది, నేరుగా కలిసింది. వారం రోజుల తలనొప్పి పోయింది, చాలా థాంక్స్ అండీ.

రాత్రిబండి · రాత్రి 9:48

పరీక్ష చేశాం. చేతులు తీసేసినా కుదుపు వస్తోంది! స్టాప్‌వాచ్‌తో కొలిస్తే 10 సెకన్లు, మళ్ళీ 10, మళ్ళీ 10. గడియారం కొట్టినట్టు వస్తోంది. వైఫై అయితే ఇంత క్రమంగా రాదు కదా.

కానీ బావకి నా క్యారెక్టర్ మాయమవడం మాత్రం చేతులు వదిలేసినప్పుడు లేదు. నిలబడి ఉన్న బొమ్మ నిలబడే ఉంది.

ఫ్రేమ్‌లెక్క · రాత్రి 10:02

రెండూ వేరని మీరే తేల్చేశారు.

గడియారంలా వచ్చే కుదుపుకి నా అనుమానం డీసింక్ మీద, అంటే రెండు మెషీన్లలో ఆట ఒకేలా నడవకపోవడం. రెట్రోఆర్చ్‌లో హోస్ట్ కొన్ని ఫ్రేములకోసారి తన ఆట స్టేట్ మొత్తానికి ఒక చెక్‌సమ్ తీసి పంపుతుంది. చేరినవారి మెషీన్ తన లెక్కతో పోల్చుకుంటుంది. తేడా వస్తే "నీ స్టేట్ నాకు పంపు" అని అడుగుతుంది. హోస్ట్ మొత్తం స్టేట్ పంపుతుంది, ఇటువైపు దాన్ని ఎక్కించుకుని కొనసాగుతుంది. మీకు ఆగినట్టు, బావకి గెంతినట్టు కనిపించేది అదే అయ్యుండాలి. లైఫ్ బార్ తగ్గి పెరగడం కూడా దీనికే సరిపోతుంది. బావ మెషీన్‌లో తగిలిన దెబ్బ మీ మెషీన్‌లో తగల్లేదు, స్టేట్ రాగానే మీ లెక్కే నిలిచింది.

దీన్ని రుజువు చేయడం తేలిక. మీ retroarch.cfg తెరిచి ఈ లైను చూడండి. నెట్‌ప్లే మెనూలో Check Frames పేరుతో కూడా ఉంటుంది.

```
netplay_check_frames = "600"
```

600 ఉంటే సెకనుకు 60 చొప్పున సరిగ్గా 10 సెకన్లు. దాన్ని 300 చేసి మళ్ళీ చేతులు వదిలేసి ఆడండి. మార్చాల్సింది హోస్ట్ వైపు, అంటే మీ వైపు. కుదుపు 5 సెకన్లకి వస్తే డీసింకే. 10 దగ్గరే ఉంటే నేను తప్పు, ఇంకేదో వెతుకుదాం.

బటన్_రాజా · రాత్రి 10:15

అయితే దాన్ని సున్నా చేసేస్తే పోలా? చెక్ చేయకపోతే కుదుపూ ఉండదు.

ఫ్రేమ్‌లెక్క · రాత్రి 10:21

కుదుపు పోతుంది, తేడా మాత్రం అలాగే ఉండి పెరుగుతుంది. మూడో రౌండ్‌కి ఇద్దరూ రెండు వేర్వేరు ఆటలు ఆడుతుంటారు, ఇద్దరూ గెలిచామని అనుకుంటారు. దయచేసి అలా చేయకండి.

ఊదామంట · రాత్రి 10:50

నేను ఆ బావని. ఇప్పుడే ఖాతా తెరిచాను. 300 పెట్టి చూశాం, కుదుపు సరిగ్గా 5 సెకన్లకి వచ్చింది. అంటే డీసింకే. కానీ మా ఇద్దరిదీ ఒకే కోర్, నిన్ననే ఇద్దరం అప్‌డేట్ చేశాం. kof98.zip నేనే అతనికి పంపాను. ఇంకేం తేడా ఉంటుంది?

ఫ్రేమ్‌లెక్క · రాత్రి 11:08

రండి. కోర్ వెర్షన్‌లో, ఆట ఫైల్‌లో తేడా ఉంటే రెట్రోఆర్చ్ చేరేటప్పుడే హెచ్చరిస్తుంది. అది పట్టించుకోనివి రెండున్నాయి. ఒకటి బయోస్, అంటే neogeo.zip. రెండోది కోర్ ఆప్షన్లు. వీటిని ఎవరూ పోల్చి చూడరు, మీరే పోల్చుకోవాలి.

బయోస్ కోసం ఇద్దరూ ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్‌లో ఇది నడిపి వచ్చిన వరుసని పోల్చండి. మొదటిది విండోస్‌కి, రెండోది లినక్స్‌కి.

```
certutil -hashfile neogeo.zip SHA1
sha1sum neogeo.zip
```

ఒకేలా ఉంటే అనుమానం లేదు. వేరుగా వచ్చినంత మాత్రాన కంగారు పడకండి. లోపలి ఫైళ్ళు ఒకటే అయినా జిప్ చేసిన తీరు వేరైతే హాష్ మారుతుంది. అలా వస్తే ఒకరిది ఇంకొకరు తీసుకుని ఇద్దరూ ఒకే ఫైల్ వాడితే వాదనే ఉండదు.

తర్వాత ఆట నడుస్తుండగా క్విక్ మెనూలో Core Options తెరిచి, ఫోన్‌లో మాట్లాడుకుంటూ పై నుంచి కింది దాకా ఒక్కో లైను చదువుకోండి. ముఖ్యంగా నియో జియో మోడ్, డిప్ స్విచ్‌లు, సీపీయూ క్లాక్. ఒకరు ఎంవీఎస్‌లో, ఇంకొకరు యూనిబయోస్‌లో ఉంటే ఈ పాటికి ఆట కూలిపోయేదే. కాబట్టి నా చూపు సీపీయూ క్లాక్ మీద ఉంది.

ఊదామంట · రాత్రి 11:31

దొరికింది!! నా దగ్గర సీపీయూ క్లాక్ 150% ఉంది. అతనిది 100%.

మెటల్ స్లగ్ 2లో శత్రువులు ఎక్కువైతే ఆట నెమ్మదిస్తుంది కదా, దాని కోసం నెలల కిందట పెంచాను. మర్చేపోయాను. పెంచింది మెటల్ స్లగ్‌కి, దీనికెందుకు తగులుకుంది? అదీ గాక 98లో నాకు స్పీడ్ తేడా ఎప్పుడూ కనిపించలేదు.

ఫ్రేమ్‌లెక్క · రాత్రి 11:44

ఆప్షన్లు మామూలుగా కోర్ మొత్తానికి ఒకే ఫైల్‌లో ఉంటాయి. ఎఫ్‌బీనియోలో ఒక ఆటకి మార్చితే అన్ని ఆటలకీ మారినట్టే. మెటల్ స్లగ్‌కి మాత్రమే కావాలంటే ఆ ఆట నడుస్తుండగా అదే మెనూలో ఆటకి విడిగా ఆప్షన్ ఫైల్ సేవ్ చేయాలి. 98 కోసం చూడాల్సిన లైను ఇది:

```
fbneo-cpu-speed-adjust = "100%"
```

స్పీడ్ తేడా కనిపించకపోవడం సహజం. ఆట తన పని ముగించుకుని తర్వాతి ఫ్రేమ్ కోసం కాచుకుని ఉంటుంది. 150% అయితే ఇంకా ముందే ముగించి ఎక్కువసేపు కాచుకుంటుంది. తెర మీద అదే బొమ్మ. కానీ స్టేట్‌లో ప్రాసెసర్ ఎక్కడ ఉంది, ఎన్ని సైకిళ్ళు అయ్యాయి అన్నది కూడా ఉంటుంది, అది ఇద్దరికీ ఎప్పటికీ కలవదు. అందుకే ప్రతి చెక్కూ తప్పింది. స్టేట్ పంపి సరిచేసినా, మరుసటి ఫ్రేమ్‌కే మళ్ళీ విడిపోయేది.

రాత్రిబండి · సోమవారం, రాత్రి 10:25

100% చేశాక గంటన్నర ఆడాం. పది సెకన్ల కుదుపు ఒక్కటంటే ఒక్కటి రాలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను, ఇన్నాళ్ళూ నా నెట్‌ని తిట్టుకున్నాను. చెక్ ఫ్రేమ్స్ తిరిగి 600 చేశాను, డీలే 1 పెట్టాం.

ఇక మిగిలింది రెండోది. బావకి నేను ఇంకా ఎగురుతూనే ఉన్నాను, నాకు అతను సాఫీగానే ఉన్నాడు.

ఊదామంట · రాత్రి 10:33

అవును. అతను పరుగెత్తి ఆగితే, ఆగిన చోటు దాటి వెళ్ళి వెనక్కి లాక్కొచ్చినట్టు కనిపిస్తాడు. జంప్ అయితే మొదటి రెండు మూడు ఫ్రేములు అసలు కనిపించవు, ఒక్కసారిగా గాల్లో ఉంటాడు. యాంటీ ఎయిర్ కొట్టడానికి సగం టైమ్ పోతోంది.

ఫ్రేమ్‌లెక్క · రాత్రి 10:58

జంప్ మొదటి రెండు మూడు ఫ్రేములు పోతున్నాయంటే మీ దగ్గర రోల్‌బ్యాక్ ఒక ఫ్రేమ్ కాదు, మూడు దాకా ఉంది. డీలే 1కి లెక్క ప్రకారం ఒకటే రావాలి. మిగతా రెండూ ఎక్కడి నుంచి వచ్చాయి?

నా అంచనా ఇది. ఇద్దరూ Display Framerate ఆన్ చేసి, నెట్‌ప్లే లేకుండా, ఒంటరిగా 98 నడిపి అంకె చూడండి.

రాత్రిబండి · రాత్రి 11:10

నాది 59.18 దగ్గర నిలబడింది. బావది 60.0.

ఫ్రేమ్‌లెక్క · రాత్రి 11:27

అదే. 60 హెర్ట్జ్ మానిటర్‌కి ఆట స్పీడ్ దగ్గరగా ఉంది కాబట్టి బావగారి రెట్రోఆర్చ్ ఆటని కొంచెం తోసి మానిటర్‌తో కలిపేసింది. మీ 144 అంత దగ్గరగా లేదు కాబట్టి మీది అసలు స్పీడ్‌లోనే నడుస్తోంది. తేడా సెకనుకు 0.815 ఫ్రేమ్. చిన్నదే అనిపిస్తుంది, కానీ పది సెకన్లకి ఎనిమిది ఫ్రేములు. నెట్‌ప్లే అంత దూరం పోనివ్వదు. ముందున్న మెషీన్‌ని అప్పుడప్పుడు ఆపుతుంది, వెనకబడ్డదాన్ని కాస్త పరుగెత్తిస్తుంది. అయినా బావ ఎప్పుడూ మీకంటే ఒకట్రెండు ఫ్రేములు ముందే ఉంటారు.

ముందున్నవారికి ఎదుటివారి బటన్ ఎప్పుడూ ఆలస్యంగా వచ్చినట్టే. బావ 100వ ఫ్రేమ్‌లో ఉండగా మీరు 98లో నొక్కుతున్నారు, దారిలో ఇంకో రెండు పోతాయి. మీ వైపు సరిగ్గా తిరగబడుతుంది, బావ బటన్లు మీకు ముందే వచ్చేస్తాయి. ఒకరికి సాఫీగా, ఒకరికి ఎగురుడుగా ఉండటానికి కారణం ఇదే. డీలే 4 పెట్టినప్పుడు బావకి తగ్గింది కూడా ఇందుకే. రాజా గారి మందు నొప్పి తగ్గించింది, కారణాన్ని ముట్టుకోలేదు.

ఇద్దరూ Settings → Video → Synchronization లోకి వెళ్ళి Sync to Exact Content Framerate ఆన్ చేయండి. ఇద్దరూ 59.18 చూపించాలి.

బటన్_రాజా · రాత్రి 11:40

ఒక్క మాట. 60 హెర్ట్జ్ మానిటర్ మీద 59.18 నడిపితే బ్యాక్‌గ్రౌండ్ కదిలేటప్పుడు తడబాటు కనిపిస్తుంది. నేను ఒకసారి ఆన్ చేసి వెంటనే తీసేశాను. అది ఫ్రీసింక్, జీసింక్ ఉన్న తెరలకి.

ఫ్రేమ్‌లెక్క · రాత్రి 11:49

ఇది మాత్రం మీరు పూర్తిగా సరిగ్గా చెప్పారు. 1.2 సెకన్లకోసారి ఒక ఫ్రేమ్ రెండుసార్లు కనిపిస్తుంది. దాన్ని పసిగట్టే కళ్ళు కొందరికే ఉంటాయి, పసిగట్టినవారికి మాత్రం చిరాకే. ఇంకో దారి ఉంది: రాత్రిబండి గారు తన తెరని 60 హెర్ట్జ్‌కి మార్చి ఆ ఆప్షన్ ఆఫ్ చేస్తే ఇద్దరిదీ 60 అవుతుంది. ఆట 1.4 శాతం వేగంగా నడుస్తుంది. అయితే రెండు మానిటర్లూ నిజంగా ఒకే 60 కావు, ఒకటి 59.94 కూడా కావచ్చు, కాబట్టి కొద్దిపాటి జరుగుడు మిగులుతుంది. రెండూ ప్రయత్నించి మీ కళ్ళకి ఏది నచ్చితే అది ఉంచుకోండి.

పాతక్యాబినెట్ · మంగళవారం, ఉదయం 7:15

నేను డీలే 3 పెట్టి రిజల్యూషన్ మామూలుకి తెచ్చాను. నెమ్మది పోయింది. సౌండ్ ఇంకా అప్పుడప్పుడు తెగుతోంది. తమ్ముడి ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి ఆడుతున్నాడని నిన్న తెలిసింది. బ్యాటరీ మీద దానికి వేగం తగ్గుతుందా?

ఫ్రేమ్‌లెక్క · ఉదయం 8:02

చాలా ల్యాప్‌టాప్‌లకి తగ్గుతుంది. ఛార్జర్ పెట్టి ఆడమనండి. అప్పుడూ తెగితే మళ్ళీ రాయండి, డీలే అంకె ముట్టుకునే ముందు.

ఊదామంట · రాత్రి 11:15

ఎగ్జాక్ట్ సింక్ ఇద్దరం ఆన్ చేశాం. ఇద్దరిదీ 59.18. డీలే 1. అతను పరుగెత్తి ఆగితే ఆగిన చోటే ఆగుతున్నాడు. జంప్ మొదటి నుంచీ కనిపిస్తోంది. నిన్నటి దాకా నేను కొట్టలేకపోయిన యాంటీ ఎయిర్ ఈ రోజు వరసగా మూడు పడ్డాయి. బ్యాక్‌గ్రౌండ్ తడబాటు కనిపిస్తోంది, రాజా గారు చెప్పింది నిజం. నేను దాన్ని భరిస్తాను.

రాత్రిబండి · రాత్రి 11:32

నాకైతే ఇప్పుడు బావ నిన్నటికంటే కొంచెం, చాలా కొంచెం ఎగురుతున్నాడు. ముందు బాగా సాఫీగా ఉన్నది అతని ఖర్చుతో అని అర్థమైంది కాబట్టి ఫిర్యాదు లేదు.

డీలే విషయంలో ఇద్దరికీ కుదరడం లేదు. నాకు 2 కావాలి, అతను 1 దగ్గరే ఉందామంటున్నాడు. హాప్‌లు 2తో కూడా అందుతున్నాయి నాకు.

ఊదామంట · రాత్రి 11:40

నాకు అందడం లేదు. నా మానిటర్‌కే కొంత ఆలస్యం ఉందనుకుంటా, దాని మీద ఇంకో ఫ్రేమ్ వేస్తే చేతికి తెలుస్తోంది.

బటన్_రాజా · రాత్రి 11:52

చెరో పది మ్యాచ్‌లు 1తో, 2తో ఆడండి. స్కోరు కాదు, ఎన్ని యాంటీ ఎయిర్లు పడ్డాయో ఇద్దరూ రాసుకోండి. నేను ఈ రోజు నా ఫ్రెండ్‌తో 4 నుంచి 2కి దిగాను. వైఫై ఉన్నా సరే. ఇంకా పూర్తిగా ఒప్పుకోవడం లేదు, చూస్తున్నాను.

రాత్రిబండి · రాత్రి 11:58

సరే, రేపు రాత్రి అదే చేస్తాం. యాంటీ ఎయిర్ లెక్క ఇక్కడే పెడతాను.